కష్టంలో ఉన్న ఖాతాదారుకి పండగ పలకరింపు

బళ్లారిలో లారీ టైర్ల కొట్టు నడిపినవాణ్ణి. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునే మీ కోసం ఇది రాస్తున్నాను.

1. దెబ్బతిన్నవాడికి లాభం మాట రాయకూడదు.

2011 జులై 29న సుప్రీంకోర్టు మా జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపమంది. సండూరు, హొసపేట దారుల్లో లారీలు నిలిచిపోయాయి గానీ ఫైనాన్సు కంతులు ఆగలేదు. అక్టోబరు 26న దీపావళి వచ్చింది. మా పాత ఖాతాదారు ఒకాయన బండ్లన్నీ షెడ్డులోనే ఉన్నాయి. ఏటా అచ్చువేయించే కార్డునే ఆయనకూ పంపేశాను. 'మీ వ్యాపారం మూడు పువ్వులు, ఆరు కాయలుగా వర్ధిల్లాలి' అని ఉంది అందులో. అందరికీ వెళ్లే కట్టలోంచి ఆ ఒక్కటీ తీసి, చేత్తో రాసి ఉండాల్సింది. ఆ నొప్పి ఇంకా పోలేదు.

2. బాకీ ప్రస్తావన, దయతోనైనా, పండగనాడు వద్దు.

'డబ్బు సంగతి తర్వాత చూద్దాం, దిగులు పడొద్దు' అని రాస్తే మంచిమాటే అనిపిస్తుంది. కానీ ఆ కార్డు దేవుడి గూటి దగ్గర పెడతారు. భార్య చదువుతుంది, పిల్లలు చదువుతారు, చుట్టాలు తీసి చూస్తారు. అప్పున్న సంగతి ఇంట్లో చెప్పాడో లేదో మనకేం తెలుసు? గడువు ఇవ్వదలిస్తే పండగ వెళ్లాక ఆయనొక్కడికే చెప్పాలి. కోర్టు, గనులు, 'అన్నీ సర్దుకుంటాయి' లాంటి ఊరడింపులు కూడా కార్డులోకి రాకూడదు. ఎప్పుడు సర్దుకుంటాయో ఆయనకే తెలియదు.

3. మిఠాయి పెట్టె మారకూడదు.

ఏటా అరకిలో ఇస్తే ఈ ఏడూ అరకిలోనే. పెద్దదిస్తే జాలి, చిన్నదిస్తే చిన్నచూపు.

4. జవాబు అడగని మాటే పలకరింపు.

ఆ తర్వాత ఇలాంటివారికి నేను రాసేది ఇంతే: 'అన్నా, దీపావళి శుభాకాంక్షలు. వదినకు, పిల్లలకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు. అమావాస్య సాయంత్రం కొట్లో లక్ష్మీపూజ ఉంది. వీలైతే రండి, కాకపోతే ప్రసాదం ఇంటికి పంపుతాను.' పండగకు ముందురోజే కుర్రాడి చేత పంపేవాణ్ణి. గుమ్మంలో ఇచ్చి వచ్చేయమనేవాణ్ణి. చేరిందా అని ఫోను చేసేవాణ్ణి కాదు. పూజకు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాణ్ణి కాదు. ప్రసాదం మాత్రం మాట ప్రకారం వెళ్లాలి, అదీ ఆ రాత్రికే.

5. వరస తప్పకూడదు.

వ్యాపారం తగ్గినవారి పేరు మరుసటి పండక్కి జాబితాలోంచి జారిపోతుంది. ఎవరూ కావాలని కొట్టేయరు, కొన్నవారి బిల్లుల్లోంచి పేర్లు తీస్తారు కాబట్టి అలా జరుగుతుంది. అందుకే అలాంటి పేర్లు విడిగా ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. 2013 ఏప్రిల్ 18న కోర్టు కొన్ని గనులకు షరతులతో అనుమతిచ్చింది, కొన్ని లీజులను రద్దుచేసింది. ఆ తీర్పు వచ్చేదాకా ప్రతి ఉగాదికీ, దీపావళికీ ఆ పుస్తకం చూసే కార్డులు రాశాను.