ఇంట్లోనే ఆరే బట్టలకు ఎంత స్పిన్?

బ్రిటన్‌లో అద్దెకు దొరికే ఫ్లాట్లలో వాషింగ్ మెషీన్ ఎక్కువగా వంటింట్లోనే ఉంటుంది. గట్టు కింద ఇరికించి, ముందువైపు గుండ్రటి తలుపుతో కనిపిస్తుంది. డాబా ఉండదు, డాబా మీద దండెం ఉండదు, చాలా ఇళ్లలో డ్రయ్యర్ కూడా ఉండదు. చలికాలమంతా ఉతికిన బట్టలన్నీ హాల్లో మడత స్టాండు మీదే ఆరాలి. మన ఊళ్లో మెషీన్ సరిగ్గా పిండకపోయినా మిగతా పని ఎండ చూసుకునేది. ఇక్కడ పిండాల్సిందంతా మెషీనే పిండాలి. అందుకే కొత్తగా వచ్చినవాళ్లు సబ్బు ఏది కొనాలా అని ఆలోచించే ముందు స్పిన్ సంగతి తెలుసుకోవడం మంచిది.

మెషీన్ మీద కనిపించే 400, 800, 1200, 1400 అంకెలు నిమిషానికి డ్రమ్ము ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతాయి. పొడిగా ఉన్నప్పుడు ఐదు కిలోలు తూగే నూలు బట్టల్ని 800 దగ్గర పిండితే, వాటిలో ఇంకా సుమారు మూడున్నర లీటర్ల నీళ్లు మిగులుతాయి. 1400 దగ్గర పిండితే మిగిలేది రెండున్నర లీటర్లకు అటూ ఇటూ. మెషీన్‌ను బట్టి కాస్త మారినా తేడా మాత్రం ఈ మాదిరిగానే ఉంటుంది. ఆ లీటరు నీళ్లు మీ గది గాలిలోకే పోతాయి. ఆ తేమే కిటికీ అద్దం మీద చెమ్మగా దిగి, చల్లటి గోడ మూలన, బీరువా వెనక నల్లటి బూజుగా తేలుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఈ బూజు గురించి డిపాజిట్ దగ్గర పేచీ రావచ్చు.

అలాగని ప్రతిదానికీ 1400 పెట్టక్కర్లేదు. తువ్వాళ్లు, దుప్పట్లు, లోపలి నూలు బట్టలు, సాక్సులు ఎంత పిండినా తట్టుకుంటాయి. వాటికి పెద్ద అంకే వాడండి. చొక్కాలకు 1000 చాలు. అంతకు మించితే నీళ్లు తగ్గేదానికన్నా ముడతలు పెరిగేది ఎక్కువ. పాలిస్టర్ బట్ట మొదటినుంచే నీళ్లు తక్కువ పీలుస్తుంది కాబట్టి దానికి 800 దాటాల్సిన అవసరం లేదు. లేసు, షిఫాన్, జార్జెట్ లాంటివి 400కో 600కో వదిలేయాలి. బట్ట లోపల కుట్టిన లేబుల్ మీద నీళ్ల తొట్టి బొమ్మ ఉంటుంది. దాని కింద ఒక గీత ఉంటే నెమ్మదిగా ఉతకమని, రెండు గీతలుంటే మరీ సుతారంగా ఉతకమని అర్థం. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తోనే ఉతకాలి, తొట్టి మీద కొట్టివేత ఉంటే అసలు నీళ్లలో వేయకూడదు.

ఈ స్పిన్ సరిగ్గా జరగాలంటే డ్రమ్ములో బట్టలు సరిగ్గా పడాలి. ముందు తలుపు మెషీన్‌లో నీళ్లు అడుగున కొంచెమే ఉంటాయి. డ్రమ్ము బట్టల్ని పైకి ఎత్తి కిందికి జారవిడుస్తుంది, ఆ పడటంలోనే మురికి వదులుతుంది. పడటానికి చోటు లేకపోతే ఉతుకూ లేదు, జాడింపూ లేదు. నూలు బట్టలు వేశాక పైన అరచెయ్యి నిలువుగా దూరేంత ఖాళీ ఉండాలి. సింథటిక్స్ అయితే సగం డ్రమ్ము, డెలికేట్స్ అయితే మూడో వంతు చాలు. మెషీన్ మీద ‘8 కిలోలు’ అని రాసి ఉండేది నూలు బట్టల ప్రోగ్రాముకే. మిగతా ప్రోగ్రాములకు అందులో సగమో, ఇంకా తక్కువో. నల్ల ప్యాంటు మీద తెల్లటి పౌడరు చారలు కనిపించినా, ఆరిన తువ్వాలు అట్టలా బిగుసుకున్నా, కుక్కి వేశారేమో అని ముందు అనుమానించండి.

తక్కువ వేసినా ఇబ్బందే. ఒక్క జీన్స్ ప్యాంటో, ఒక్క పెద్ద తువ్వాలో వేస్తే బరువంతా ఒక పక్కకు చేరుతుంది. మెషీన్ దాన్ని సర్దడానికి చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి గట్టిగా పిండకుండానే ఆగిపోతుంది. తలుపు తీస్తే బట్ట నీళ్లోడుతూ ఉంటుంది. చాలామంది అది పాడైపోయిందని ఇంటి యజమానికి ఫోను చేస్తారు. ముందు రెండు తువ్వాళ్లు జత చేసి ఒట్టి స్పిన్ పెట్టి చూడండి, పది పదిహేను నిమిషాల్లో తేలిపోతుంది. డ్యువే కవరుకు మాత్రం గుండీలు పెట్టాకే వేయాలి. లేకపోతే చిన్న బట్టలన్నీ దానిలోకి దూరి, లోపల ముద్దయి, ఇదే కథ మళ్లీ మొదలవుతుంది.

ఇక నెట్ బ్యాగుల సంగతి. స్పిన్ తగ్గిస్తే బట్ట చిరగదని ఒక నమ్మకం ఉంది. అది పూర్తిగా నిజం కాదు. గట్టిగా తిరిగేటప్పుడు బట్ట డ్రమ్ము గోడకు అతుక్కుని ఉంటుంది, అప్పుడు రాపిడి తక్కువ. ముడతలు పడేది, పల్చటి బట్ట సాగేది అప్పుడు. దారాలు లేచేది, చిరిగేది అంతకు ముందు, ఉతుకుతున్నప్పుడు, ఒకదానికొకటి రాసుకుని. అందుకని సున్నితమైన బట్టకు స్పిన్ తగ్గించడమూ కావాలి, రాపిడి తగలకుండా నెట్ బ్యాగూ కావాలి.

ఒక శనివారం ఉతుకు చూద్దాం. రెండు తువ్వాళ్లు, ఒక దుప్పటి, జీన్స్, నాలుగు పాలిస్టర్ చొక్కాలు, ఒక చుడీదారు సెట్టు, లేసు అంచు చున్నీ, హుక్కులున్న జాకెట్టు ఉన్నాయనుకోండి. తువ్వాళ్లు, దుప్పటి, జీన్స్ ఒక విడత, 40 డిగ్రీల కాటన్ ప్రోగ్రాము, 1400. జీన్స్ కొత్తదైతే రంగు దిగుతుంది, దాన్ని విడిగా ఉంచండి. మిగిలినవి రెండో విడత, 30 డిగ్రీల డెలికేట్స్, 600, డ్రమ్ము మూడో వంతు దాటకుండా. చున్నీని వదులుగా మడిచి సన్నటి కళ్ల నెట్ బ్యాగులో వేయండి. జాకెట్టు హుక్కులన్నీ పెట్టి, తిరగేసి, ఇంకో బ్యాగులో వేయండి. చున్నీని, హుక్కుల జాకెట్టును ఒకే బ్యాగులో వేస్తే బ్యాగు పెట్టిన ప్రయోజనమే ఉండదు. చుడీదారు బొందు చివరలు ముడివేస్తే ఊడి రాదు. చొక్కాలు బ్యాగు లేకుండానే వేయొచ్చు. ఉతికాక అవి తడిగా అనిపిస్తే, వాటిని మాత్రం ఉంచి 800 దగ్గర ఇంకోసారి స్పిన్ పెట్టండి.

బ్యాగు సగానికి మించి నింపొద్దు. కుక్కితే లోపలికి నీళ్లు తిరగవు, సబ్బు జిడ్డు అక్కడే ఉండిపోతుంది. జిప్పు కొసను దాచడానికి చివర చిన్న ఎలాస్టిక్ పట్టీ ఉంటుంది, అందులో దూర్చకపోతే తిరుగుతూ తిరుగుతూ తెరుచుకుంటుంది. వైరున్న బ్రాలు బ్యాగు లేకుండా అసలు వేయకండి. వైరు బయటికొచ్చి డ్రమ్ము రంధ్రంలోంచి లోపలికి జారితే మెకానిక్ రావాల్సిందే.

బ్యాగు రాపిడిని ఆపుతుంది, అంతవరకే. రంగు దిగడాన్ని, ఉన్ని కుంచించుకుపోవడాన్ని ఆపలేదు. మొదటిసారి ఉతికే కలంకారీని బకెట్‌లో విడిగా చల్లనీళ్లతో ఉతకండి. అద్దాల పని, మగ్గం పని ఉన్న జాకెట్లను, జరీ పట్టు చీరలను ఎంత మంచి బ్యాగులో పెట్టినా ఈ మెషీన్‌లో వేయొద్దు. వాటిని డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి, ఇచ్చేటప్పుడు జరీ ఉందని నోటితో చెప్పండి.