బొట్టు పెట్టి పిలవడం

ఇంట్లో శుభకార్యం అంటే ముందు గుర్తొచ్చేవి పిలుపులు. పెళ్లయినా, గృహప్రవేశమైనా, ఓణీల వేడుకైనా అంతే. వంటలో ఉప్పు తగ్గితే ఆ పూటకే మర్చిపోతారు. పిలుపులో తేడా వస్తే మాత్రం ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. పిలవని పేరంటానికి ఎవరూ పోరు. సగం పిలుపుకు కూడా పోవాలా వద్దా అని సందేహపడతారు.

సత్తెనపల్లిలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంటి ఆడపిల్లకు ఓణీలు ఇవ్వాలి. తల్లి ఒక నోటుబుక్కు తీసుకుంది. పిలవాల్సిన ఇళ్లు రాసింది. మొత్తం 62 ఇళ్లు అయ్యాయి. 62 ఇళ్లకూ స్వయంగా పోవడం కుదరదు. ఎవరి ఇంటికి పోవాలి? ఎవరికి ఫోను చేస్తే చాలు? ఇదే ఆమెకు వచ్చిన చిక్కు.

ముందు ఎవరు?

వేడుకలో ఎవరి చేతిమీద పని జరగాలో వాళ్లు ముందు. ఓణీల వేడుకలో మేనమామ పెట్టే బట్టలే ముఖ్యం. పట్టు లంగా, ఓణీ, పసుపు, కుంకుమ, పూలు, పండ్లు ఆయన ఇంటి నుంచి వస్తాయి. ఆయన చుట్టం మాత్రమే కాదు, వేడుకలో భాగస్తుడు. అందుకే ముహూర్తం పెట్టించక ముందే ఆయన్ను అడగాలి. తర్వాత భార్యాభర్తలిద్దరూ వెళ్లి పిలవాలి.

ఈ ఇంట్లో ఒక పొరపాటు జరిగింది. ముందు ముహూర్తం పెట్టించారు. తర్వాత ముప్పాళ్లలో ఉన్న మేనమామకు తండ్రి ఫోను చేశాడు.

“బావా, వచ్చే ఆదివారం అమ్మాయికి ఓణీలు. మీరు రావాలి.”

“సరే, చూస్తాంలే” అన్నాడు ఆయన.

ఆ మాట విని తల్లికి అనుమానం వచ్చింది. పిలుపు మనసుకు పట్టినవాళ్లు తిరిగి ఏదో ఒకటి అడుగుతారు. ముహూర్తం ఎన్ని గంటలకు? అమ్మాయికి ఏ రంగు కావాలి? జాకెట్టు కొలత ఎంత? మేనమామ ఇవేవీ అడగలేదు. అంటే మనసు నొచ్చుకుంది.

మర్నాడే ఇద్దరూ ముప్పాళ్ల వెళ్లారు. పండ్లు, స్వీట్లు పట్టుకెళ్లారు. తల్లి వదినకు బొట్టు పెట్టింది.

“అన్నయ్యా, మిమ్మల్ని అడక్కుండా రోజు ఖాయం చేశాం. తప్పు మాదే. ఆ రోజు మీకు కుదరకపోతే రోజు మారుస్తాం” అంది.

“పొలంలో మిరప కోతలున్నాయమ్మా. అయినా ఆదివారమే కానీయండి. పిల్లకు ఏ రంగు ఇష్టం?” అన్నాడు ఆయన.

మేనమామ తర్వాత ఆడపడుచులు. పిల్లకు వాళ్లు మేనత్తలు. హారతి ఇచ్చేటప్పుడు, అక్షింతలు వేసేటప్పుడు వాళ్లు ముందు నిలబడాలి. ఒకరు పిడుగురాళ్లలో, ఇంకొకరు నరసరావుపేటలో ఉన్నారు. ఒకరి ఇంటికి వెళ్లి, ఇంకొకరికి ఫోను చేస్తే పేచీ వస్తుంది. వరసలో సమానమైన వాళ్లను ఒకే తీరుగా పిలవాలి. తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మల ఇళ్లకు కూడా స్వయంగా వెళ్లాలి. ఇలాంటి ముఖ్యమైన ఇళ్లు ఈ జాబితాలో 5 తేలాయి.

వీధిలో పిలుపు

ఇరుగుపొరుగువి 18 ఇళ్లు. వీళ్లను వేడుకకు రెండు మూడు రోజుల ముందు పిలుస్తారు. ఇంటి ఆడవాళ్లు ఇద్దరు కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరతారు. వరసలో ఒక్క ఇల్లు కూడా వదలకూడదు. అటు ఇంటికీ ఇటు ఇంటికీ వెళ్లి, మధ్య ఇల్లు దాటిపోతే వీధి అంతా చూస్తుంది.

వాకిట్లో నిలబడి చెప్పి పోకూడదు. లోపలికి వెళ్లి, బొట్టు పెట్టి, మాట స్పష్టంగా చెప్పాలి.

“పిన్నీ, ఆదివారం మా అమ్మాయికి ఓణీలు ఇస్తున్నాం. పొద్దున 10 గంటలకు మా ఇంట్లోనే. మీరు, బాబాయి గారు, పిల్లలు అందరూ రావాలి. భోజనాలు మా ఇంట్లోనే.”

ఇందులో నాలుగు సంగతులు ఉన్నాయి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరెవరు రావాలి. నాలుగోది చెప్పకపోతే ఇంటికి ఒకరే వస్తారు. వండిన అన్నం మిగిలిపోతుంది. దారిలో కనిపించినప్పుడు “ఆదివారం వచ్చెయ్యండి” అంటే అది పిలుపు కాదు.

ఇంటికి తాళం ఉంటే మళ్లీ ఒకసారి వెళ్లాలి. పక్కింటి వాళ్లతో చెప్పి ఊరుకోకూడదు.

బొట్టు పెట్టని ఇళ్లు

ఆ వీధిలో భర్త పోయిన పెద్దమ్మ ఒకావిడ ఉంది. చాలా చోట్ల కోడలికి బొట్టు పెట్టి, పెద్దావిడతో మాట్లాడకుండానే వెళ్లిపోతారు. ఆవిడ పక్కనే కూర్చుని అంతా చూస్తూ ఉంటుంది. ఈ తల్లి అలా చేయలేదు. ముందు ఆవిడ దగ్గరకే వెళ్లింది.

“పెద్దమ్మా, నువ్వు తప్పక రావాలి. మా పిల్లను ఎత్తుకు పెంచిందానివి. నీ చేత్తో అక్షింతలు వేయాలి” అంది.

బొట్టు పెట్టించుకోవడం, మానడం ఆవిడ ఇష్టం. పిలుపు మాత్రం ఆవిడకు నేరుగా అందాలి.

వీధిలో ముస్లింల ఇళ్లు, క్రైస్తవుల ఇళ్లు కూడా ఉన్నాయి. బొట్టు పెట్టుకోని ఇళ్లలో భరిణె తెరవనక్కరలేదు. కార్డు చేతికిచ్చి, నోరారా పిలిస్తే సరిపోతుంది. మైలలో ఉన్న ఇంటికి శుభకార్యం పిలుపు తీసుకెళ్లరు. మైల తీరాక వెళ్లి చెబుతారు. వాళ్లు రాకపోయినా, మమ్మల్ని మర్చిపోలేదు అనుకుంటారు.

పాత పుస్తకం చెప్పే సంగతి

ఊళ్లో బంధువులవి, తెలిసినవాళ్లవి 14 ఇళ్లు. వీళ్లలో ఎవరి ఇంటికి వెళ్లాలి? దీనికి జవాబు పాత చదివింపుల పుస్తకంలో దొరుకుతుంది. ఇంట్లో ఇంతకు ముందు జరిగిన శుభకార్యానికి వచ్చి చదివించిన వాళ్ల పేర్లు అందులో ఉంటాయి. ఆ పేర్లున్న వాళ్లను మర్చిపోకూడదు. మన గడప తొక్కి పిలిచిన వాళ్ల గడప మనమూ తొక్కాలి. ఈ తల్లి ఆ పుస్తకం తానే చదువుకుంది. జాబితాలో లేని రెండు ఇళ్లు అందులో దొరికాయి. జాబితా 64 ఇళ్లయింది.

దూరపు ఊళ్లవి 25 ఇళ్లు. వీళ్లకు ఫోను చాలు. అయితే వరస తప్పకూడదు. ముందు ఫోనులో మాట్లాడాలి. తర్వాత వాట్సాప్‌లో కార్డు పంపాలి. మాట్లాడకుండా కార్డు ఒక్కటే పంపితే, అందరికీ పంపినట్టే మాకూ పంపారు అనుకుంటారు. ఫోను కూడా ఆ ఇంటి పెద్దకు చేయాలి. పెద్దవాళ్లను వదిలి పిల్లలకు చెబితే పిలుపు సగమే అందినట్టు.

పిలిచిన ఇంటి పేరు పక్కన తల్లి ఒక టిక్కు పెట్టింది. ఎంతమంది వస్తారో అంకె వేసింది. వంటమనిషికి లెక్క చెప్పడానికి అదే పనికొచ్చింది.

చెప్పండి

1. మేనమామ మనసు నొచ్చుకుందని తల్లికి ఎలా తెలిసింది?
2. పిలిచేటప్పుడు చెప్పాల్సిన నాలుగు సంగతులు ఏవి?
3. చదివింపుల పుస్తకం పిలుపులకు ఎలా పనికొచ్చింది?

రాయండి

మీ ఇంట్లో వేడుక జరుగుతుంది అనుకోండి. ఇంటికి వెళ్లి పిలవాల్సిన ఐదుగురి పేర్లు రాయండి. ఒక్కొక్కరి పక్కన వరస రాయండి. ఫోను చాలదని ఎందుకు అనుకున్నారో ఒక వాక్యంలో రాయండి.