సిప్ ఖాతాలో అసలు రాబడి ఎంత? – ఎక్స్‌ఐఆర్‌ఆర్ లెక్క

రాయదుర్గం నుంచి బళ్లారికి వచ్చి జీన్స్ కుట్టుపనితో జీవించే ఒక కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఆర్డర్లు ఉన్న నెలలో చేతినిండా పని, లేని నెలలో సగం కూలి. అందువల్ల ఆ కుటుంబం నెలసరి వాయిదాకు బదులు ఆరు నెలలకొకసారి 12,000 రూపాయలు మ్యూచువల్ ఫండ్‌లోకి వెళ్లేలా సిప్ ఏర్పాటు చేసుకొంది. రెండేళ్ల తరువాత ఫోన్‌లో చూస్తే పెట్టుబడి 27,000, ప్రస్తుత విలువ 28,000, లాభం 1,000 అని కనిపించింది. రెండేళ్లకు వెయ్యి రూపాయలే అయితే ఆ సిప్‌ను ఆపివేయడమే మేలని ఇంట్లో అందరికీ తోచింది. ఆ నిర్ణయం సరైనదో కాదో తేలాలంటే ముందు లెక్క సరిగా ఉండాలి.

జరిగిన లావాదేవీలు

2023 ఏప్రిల్ 10న 12,000 కట్టగా, యూనిట్ విలువ (ఎన్‌ఏవీ) 40 రూపాయల చొప్పున 300 యూనిట్లు వచ్చాయి. అక్టోబర్ 10న మరో 12,000కు 48 చొప్పున 250 యూనిట్లు వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో బ్యాంకు ఖాతాలో సొమ్ము లేక వాయిదా తప్పింది. జూన్ 10న పిల్లల బడి ఫీజు కోసం 300 యూనిట్లను 60 చొప్పున అమ్మగా 18,000 చేతికి వచ్చాయి. అక్టోబర్ 10న వాయిదాకు మరో 3,000 కలిపి 15,000 కట్టగా, 60 చొప్పున 250 యూనిట్లు వచ్చాయి. 2025 ఏప్రిల్ 11న ఎన్‌ఏవీ 56. మిగిలిన 500 యూనిట్ల విలువ 28,000. ఈ ఎన్‌ఏవీలు లెక్క సులభంగా ఉండేందుకు ఎంచుకొన్నవే గాని ఏ ఫండ్‌కూ చెందినవి కావు.

వెయ్యి ఎక్కడిది, ఏడు వేలు ఎక్కడివి?

యూనిట్లను అమ్మినప్పుడు ముందు కొన్నవే ముందు అమ్ముడుపోయినట్లు లెక్కిస్తారు. జూన్‌లో అమ్మిన 300 యూనిట్లు మొట్టమొదట 40 చొప్పున కొన్నవి. వాటిపై 6,000 రూపాయల లాభం అప్పుడే చేతికి వచ్చి, బడి ఫీజుగా ఖర్చయిపోయింది. ఫోన్‌లో కనిపించిన వెయ్యి, ఇంకా మిగిలి ఉన్న యూనిట్లపై లాభం మాత్రమే. రెండూ కలిపితే మొత్తం లాభం 7,000.

మొత్తం కట్టినది 39,000 గనుక 7,000 లాభం సుమారు 18 శాతం, రెండేళ్లకు పంచితే ఏడాదికి 9 శాతం అని కొందరు లెక్కవేస్తారు. అదీ సరికాదు. చివరి 15,000 ఫండ్‌లో ఉన్నది ఆరు నెలలే. మొదటి 12,000తో కొన్న యూనిట్లు పద్నాలుగు నెలలకే అమ్ముడుపోయాయి. ప్రతి రూపాయి ఎన్ని రోజులు ఫండ్‌లో ఉందో చూడకుండా వార్షిక రాబడి తేలదు. ఆ రోజులను పట్టించుకొనే లెక్కనే ఎక్స్‌ఐఆర్‌ఆర్ అంటారు.

పట్టిక వేసే విధానం

ఎక్సెల్‌లో గాని గూగుల్ షీట్స్‌లో గాని మొదటి వరుసలో శీర్షికలు వ్రాసి, A నిలువు వరుసలో తేదీ, B లో సొమ్ము, C లో యూనిట్లు నింపాలి. జేబు నుంచి వెళ్లిన సొమ్ముకు మైనస్ గుర్తు, చేతికి వచ్చిన సొమ్ముకు ప్లస్. యూనిట్లకు ఇది తిరగబడుతుంది: కొన్నవి ప్లస్, అమ్మినవి మైనస్. తప్పిన వాయిదాకు వరుస ఉండదు. నేటి ఎన్‌ఏవీని E1 గడిలో వ్రాయాలి. చివరి వరుస నేటి విలువది. ఈ రోజే అంతా అమ్మివేసినట్లు భావించి దానిని ప్లస్‌గా వ్రాస్తారు.

```
2023-04-10   -12000    300
2023-10-10   -12000    250
2024-06-10    18000   -300
2024-10-10   -15000    250
2025-04-11   =SUM(C2:C5)*E1
```

తరువాత రెండు ఖాళీ గడులలో ఈ సూత్రాలు వ్రాయాలి. మొదటిది మొత్తం లాభాన్ని, రెండవది వార్షిక రాబడిని ఇస్తుంది.

```
=SUM(B2:B6)
=XIRR(B2:B6,A2:A6)
```

మొదటి గడిలో 7,000, రెండవ గడిలో సుమారు 18.6 శాతం వస్తుంది.

ఆ శాతానికి అర్థం

ఏడాదికి 18.6 శాతం వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతా ఒకటి ఉందనుకొని, ఇదే సొమ్మును ఇవే తేదీలలో అందులో వేసి తీస్తే ఏమవుతుందో చూడవచ్చు. 2025 ఏప్రిల్ 11 నాటికి మొదటి 12,000 సుమారు 16,895 అవుతుంది. రెండవ 12,000 సుమారు 15,510, చివరి 15,000 సుమారు 16,339 అవుతాయి. మధ్యలో తీసిన 18,000 అక్కడే ఉండి ఉంటే 20,758 అయ్యేది గనుక దానిని తీసివేయాలి. మిగిలేది 27,986. అసలు విలువ 28,000. శాతాన్ని ఒక దశాంశానికి కుదించినందున ఆ 14 రూపాయల తేడా వచ్చింది. రెండు వైపులా సరితూగే ఈ ఒక్క రేటును కంప్యూటర్ మళ్లీ మళ్లీ ప్రయత్నించి కనుగొంటుంది.

తప్పులు జరిగే చోట్లు

అన్నిటికంటే ప్రమాదకరమైనది తేదీ. కొన్ని షీట్‌లలో అమెరికా పద్ధతి అమరి ఉంటుంది. అక్కడ 10-04-2023 అని వ్రాస్తే అక్టోబర్ 4గా గ్రహిస్తుంది. ఏ హెచ్చరికా రాదు, జవాబు మాత్రం మారిపోతుంది. అందుకే సంవత్సరం ముందు వచ్చేలా వ్రాసి, నెల పేరు అక్షరాలలో కనిపించేలా అమర్చి ఒకసారి సరిచూసుకోవాలి. `#VALUE!` అని వస్తే ఏదో తేదీ మామూలు అక్షరాలుగా మిగిలిపోయిందని అనుమానించాలి. `#NUM!` వస్తే మైనస్ గుర్తులు పెట్టారో లేదో, చివరి వరుస వ్రాశారో లేదో చూడాలి.

అమ్మకం సొమ్ము 18,000 వ్రాయడం మరచి, యూనిట్లను మాత్రం తగ్గిస్తే మొత్తం మైనస్ 11,000గా కనిపిస్తుంది. లాభం ఉందని తెలిసి కూడా నష్టం కనిపిస్తే ముందుగా వెతకవలసినది ఇదే.

యూనిట్లను సొంతంగా భాగించి వ్రాయరాదు. ప్రతి కొనుగోలుపై 0.005 శాతం స్టాంపు డ్యూటీ పోయాకే యూనిట్లు కేటాయిస్తారు. కేమ్స్, కేఫిన్‌టెక్ వెబ్‌సైట్‌ల నుంచి ఈమెయిల్‌కు తెప్పించుకొనే ఏకీకృత ఖాతా నివేదికలో తేదీ, సొమ్ము, యూనిట్లు, ఎన్‌ఏవీ అన్నీ ఉంటాయి. అమ్మినప్పుడు నిష్క్రమణ రుసుము పడి ఉంటే, అది పోగా బ్యాంకులో జమ అయిన సొమ్మునే వ్రాయాలి. నేటి ఎన్‌ఏవీ యాంఫీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

ఈ లెక్క చెప్పనిది

ఏడాది నిండని పెట్టుబడికి ఎక్స్‌ఐఆర్‌ఆర్‌ను నమ్మరాదు. 10,000 రూపాయలు 30 రోజులలో 10,300 అయితే ఎక్స్‌ఐఆర్‌ఆర్ 43 శాతం చూపుతుంది, చేతిలో ఉన్నది 300 లాభమే. అలాగే 18.6 శాతం గడచిన రెండేళ్ల లెక్కే గాని రాబోయే రెండేళ్ల హామీ కాదు. ఎన్‌ఏవీ మారితే అదీ మారుతుంది. పన్ను కూడా ఇందులో చేరలేదు.

ఇక ఆ కుటుంబం సంగతి. వెయ్యి రూపాయలే లాభమన్న కారణంతో సిప్‌ను ఆపవలసిన అవసరం లేదు. ఆ కారణం నిజం కాదు. బడి ఫీజులో 6,000 రూపాయలు ఫండ్ ఇచ్చిన లాభమే. అయితే అక్టోబర్‌లో 60 చొప్పున కొన్న యూనిట్లు నేడు 56కు తగ్గి, వాటిపై వెయ్యి రూపాయల నష్టం ఉన్న మాట కూడా నిజమే. వచ్చే జూన్ ఫీజుకు తప్పక కావలసిన సొమ్మును ఇలా పెరిగి తరిగే చోట ఉంచాలా, బ్యాంకులో వేరుగా ఉంచాలా అన్నదే ఆ ఇంట్లో చర్చించవలసిన ప్రశ్న.