వేసవిలో నానబెట్టిన శనగలు పులియుట: గుర్తింపు, నివారణ

నాయుడుపేట ప్రాంతంలో మే నెల రాత్రులలో వంటగది ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్‌కు చేరువలో ఉండటం సాధారణం. రాత్రి 8 గంటలకు 250 గ్రాముల శనగలను ముప్పావు లీటరు నీటిలో పోసి గట్టు మీద ఉంచినట్లయితే, మరునాటి ఉదయం 8 గంటలకు నీటిపై బుడగలు, పుల్లని వాసన కనిపించవచ్చు. వాటిని వండవచ్చునా అన్నది గృహిణుల ప్రశ్న.

నానే సమయంలో గింజలోని చక్కెరలు, రాఫినోజ్ వర్గపు పిండిపదార్థాలు, కొంత మాంసకృత్తు నీటిలోకి దిగుతాయి. గింజ పొట్టుపై సహజంగా ఉండే సూక్ష్మజీవులకు ఇవే ఆహారం. వాటిలో లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఆమ్లాన్ని, కొన్ని జాతులు దానితోపాటు కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. పులుపునకు, బుడగలకు కారణం ఇదే.

అయితే నురుగు అంతా పులియుటకు గుర్తు కాదు. శనగలలోని సాపోనిన్లు నీటిని కదిపినప్పుడు సబ్బునురుగు వలె తేలుతాయి. ఈ నురుగుకు వాసన ఉండదు. రెండుసార్లు కడిగితే పోతుంది. కదపకుండానే అడుగు నుండి బుడగలు లేస్తూ, కడిగిన తరువాత కూడా గింజకు పులుపు వాసన మిగిలితే అది పులిసినట్లే. జిగురు, దుర్వాసన తోడైతే ఇతర బాక్టీరియా కూడా పెరిగినట్లు భావించాలి.

ఇడ్లీ పిండి కూడా పులుస్తుంది కదా అన్న సందేహం సహజం. పిండి రుబ్బినప్పుడు ఆహారం అంతటా సమంగా కలిసి, ఆమ్లం త్వరగా పెరిగి ఇతర జీవులను అణచివేస్తుంది. గింజలు నానిన పలుచని నీటిలో ఆమ్లం నెమ్మదిగా పెరుగుతుంది. ఆ వ్యవధిలో బాసిల్లస్ సీరియస్ వంటివి కూడా వృద్ధి చెందవచ్చు. ఉడికించినప్పుడు బాక్టీరియా చనిపోయినా, ఈ జీవి ఉత్పత్తి చేసే వాంతి కలిగించే విషం మరిగే నీటి వేడికి నశించదు. వాసన ద్వారా ఆ విషాన్ని పసిగట్టలేము. కనుక పులిసిన గింజలను కంపోస్టు గుంతలో వేయుటయే సరైన సలహా. పైగా ఆమ్లపు నీటిలో నానిన శనగలు సరిగా మెత్తబడవు.

నివారణకు కీలకం వ్యవధి. నీరు వెచ్చగా ఉన్నప్పుడు శనగలు త్వరగా నీటిని పీల్చుకుంటాయి. వేసవిలో 6 నుండి 8 గంటలు సాధారణంగా చాలు. గింజను రెండుగా చీల్చినప్పుడు నడుమ పొడి తెల్లని భాగం లేకపోయినా, 250 గ్రాములు దాదాపు 500 గ్రాములకు చేరినా నానుట పూర్తయినట్లే. ఆపై గడిచే గంటలు సూక్ష్మజీవులకే మేలు చేస్తాయి. రాత్రంతా ఉంచవలసి వస్తే ఫ్రిజ్‌లో నానబెట్టాలి. ఫ్రిజ్ లేని ఇళ్లలో ఉదయం శనగలను 2 నిమిషాలు మరిగించి, మూతపెట్టి ఒక గంట ఉంచి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటిలో వెంటనే ఉడికించవచ్చు.