ఇల్లు కట్టకముందే ఒకసారి కోసి చూద్దాం

సొంతిల్లు మొదలుపెట్టిన ప్రతివాళ్ల చేతికీ ముందు వచ్చేది ప్లాను కాగితం. హాలు ఇక్కడ, వంటిల్లు ఆగ్నేయంలో, దేవుడి గది ఈశాన్యంలో అని వేలు పెట్టి చూపిస్తారు. మనమూ తలూపుతాం. ఆ కాగితంలో పొడవూ వెడల్పూ ఉంటాయి గానీ ఎత్తు ఉండదు. దూలం ఎక్కడ కిందికి దిగుతుందో, మెట్లెక్కుతుంటే తల ఎక్కడ తగులుతుందో ప్లాను చెప్పలేదు. అది చెప్పే బొమ్మ వేరే ఉంది. ఇంజనీర్లు దాన్ని సెక్షనల్ పర్‌స్పెక్టివ్ అంటారు. ఈసారి మన ముచ్చట దాని గురించే.

గుమ్మడికాయను నిలువునా రెండు చెక్కలు చేస్తే తొక్క మందం, గుజ్జు, గింజలు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి కదా. ఇంటినీ అలాగే పునాది నుంచి పిట్టగోడ దాకా నిలువునా కోశామనుకుని, మన వైపున్న సగాన్ని తీసేసి, మిగిలిన సగాన్ని ఎదురుగా నిలబడి చూస్తే కనిపించేదే ఆ బొమ్మ. కత్తి తగిలిన గోడలు, స్లాబులు, మెట్లు నల్లగా నింపేస్తారు. వాటి వెనక గదులు, తలుపులు, మంచాలు, అలమారలు కంటికి కనిపించినట్టే లోపలికి పోయేకొద్దీ చిన్నవవుతూ ఉంటాయి. కింది అంతస్తు, పై అంతస్తు, మధ్యలో స్లాబు మందం, అన్నీ ఒకే బొమ్మలో.

మన కడప జిల్లా పల్లెల్లో పాత చవుడు మిద్దె ఒకదాన్ని ఇట్లా కోసి చూడండి. ఇప్పటి ఇటుక గోడ తొమ్మిదంగుళాలైతే, మట్టితో పేర్చిన ఆ రాతిగోడ దానికి రెండింతలు పైనే ఉంటుంది. పైన దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద బండలో కట్టెలో, ఆపైన మందంగా మట్టి, అన్నిటికన్నా పైన వాన దిగకుండా చవుడు. ఎండాకాలంలో లోపల ఎందుకు చల్లగా ఉండేదో ఆ నల్లటి మందం చూస్తేనే తెలిసిపోతుంది. దూలం ఎక్కడ గోడ మీద ఆనుతుందో, బరువు ఎటు దిగుతుందో కూడా కనిపిస్తుంది. అదే ఇంటి ప్లాను చూస్తే నాలుగు గళ్లు తప్ప ఏమీ ఉండదు.

ఇక అసలు సంగతికి వస్తా. మా చిన్నమ్మ కూతురు బ్రహ్మంగారిమఠంలో ఇల్లు కడుతోంది. పాతవాళ్లు ఇప్పటికీ కందిమల్లాయపల్లె అంటారే, ఆ ఊళ్లోనే. తూర్పు ముఖం, తూర్పు నుంచి పడమరకు లోపల 24 అడుగులు, పైన ఒక అంతస్తు. ప్లాను తెచ్చి నా ముందు పరిచింది.

"అక్కా, మెట్ల కింద బాత్రూమ్ వస్తాదంట. హాల్లోకి వచ్చినోళ్లకు పనికొస్తాది. బాగుంది కదా?" అంది.

"బాగానే ఉంది మే. దాంట్లో నువ్వు నిలబడతావా, కూర్చుంటావా?" అన్నాను.

అది నవ్వింది. నేను గ్రాఫు కాగితం తీశాను.

కింది నేల నుంచి పై అంతస్తు నేలకు పది అడుగులు. ఆరంగుళాల ఎత్తున్న మెట్లు ఇరవై. పది ఎక్కాక పడమటి గోడ దగ్గర మూడడుగుల ల్యాండింగు, అక్కడ తిరిగి ఇంకో పది. అంటే ల్యాండింగు ఐదడుగుల ఎత్తులో ఉంటుంది. దాని మందం ఆరంగుళాలు తీసేస్తే కింద మిగిలేది నాలుగున్నర అడుగులు. ప్లానులో మూడడుగుల వెడల్పు, నీళ్ల తొట్టి, తలుపు అన్నీ చక్కగా గీసి ఉన్నాయి. తలుపు తీసి లోపలికి పోయేవాళ్లు మాత్రం వంగే పోవాలి.

"అయితే ల్యాండింగు పైకి జరిపితే?" అంది. జరపొచ్చు. మొదటి వరసలో పది బదులు పదమూడు మెట్లు పెడితే ల్యాండింగు ఆరున్నర అడుగులకు లేస్తుంది. మందం పోను ఆరడుగులు. బాత్రూమ్ నేలను హాలు కన్నా ఆరంగుళాలు దించితే ఆరున్నర. పొట్టివాళ్లకు చాలు, పొడుగువాళ్లకు చాలీచాలదు. కానీ మెట్టు అడుగు వెడల్పు పదంగుళాలు. మూడు మెట్లు పెరిగితే వరస రెండున్నర అడుగులు హాల్లోకి జరుగుతుంది. ముందు పడమటి గోడ నుంచి మెట్ల మొదటికి పదిన్నర అడుగులు పోతే హాలుకు పదమూడున్నర మిగిలేది. ఇప్పుడు పదమూడు పోయి పదకొండే మిగులుతుంది.

అంతటితో అయిపోలేదు. మెట్ల మీద స్లాబు ఎంతవరకు తెరిచి ఉంచారో చూడాలి. రెండో వరస ఏడు మెట్లే గనక అది ల్యాండింగు నుంచి ఐదడుగుల్లోనే పైకి చేరిపోతుంది. స్లాబును అక్కడిదాకే తెరిచారనుకోండి. మొదటి వరసలో ఆరో మెట్టు మూడడుగుల ఎత్తులో ఉంది. దాని పైనున్న స్లాబు అడుగు భాగం తొమ్మిదిన్నర అడుగుల్లో ఉంది. మధ్యలో ఆరున్నర అడుగులు. నెత్తిన బియ్యం మూట పెట్టుకుని ఎక్కే మనిషికి అది గుద్దుకుంటుంది. ఇంకో రెండు మెట్ల మేర స్లాబు తెరిస్తే ఏడున్నర అడుగులు వస్తుంది, అప్పుడు పైన గదిలో ఆ మేర నేల తగ్గుతుంది. ఇంత సంగతి ప్లానులో ఒక్క బాణం గుర్తు వెనక దాక్కుని ఉంది. కోసిన బొమ్మలో మెట్లు, స్లాబు అంచు, బాత్రూమ్ కప్పు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి దాపరికం లేదు.

అందుకే ఎక్కడ కోయాలన్నది ముఖ్యం. ఖాళీ హాలు మధ్యలో కోస్తే బొమ్మ అందంగా వస్తుంది గానీ ఉపయోగం తక్కువ. మెట్ల మొదటి వరస మధ్యగా, మెట్లు ఎక్కే దిక్కులోనే కోయాలి. అప్పుడు మొదటి వరస నల్లగా కోసినట్టు, రెండో వరస దాని వెనక కంటికి కనిపించినట్టు వస్తాయి. కిటికీ, గుమ్మం కూడా ఆ కోతలో పడితే ఇంకా మేలు, గుమ్మం పైన లింటెలూ దాని పైన దూలమూ కనిపిస్తాయి.

గీయడం కష్టమేమీ కాదు. అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున ముందు కోత ముఖం గీయాలి. మా చెల్లెలి ఇల్లు 24 సెంటీమీటర్ల వెడల్పు, నేల నుంచి పిట్టగోడ దాకా సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు వచ్చింది, పెద్ద కాగితంలో పడుతుంది. తర్వాత కింది అంతస్తు నేల నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తులో అడ్డంగా ఒక గీత. అది చూసే మనిషి కన్ను ఎత్తు. ఆ గీత మధ్యలో ఒక చుక్క. లోపలికి పోయే గీతలన్నీ ఆ చుక్క వైపే పోతాయి.

ఎంతవరకు పోవాలి? మనం ఇంటికి 36 అడుగుల దూరంలో నిలబడి చూస్తున్నామనుకుంటే, కోతకు 12 అడుగుల వెనకున్న గోడ అసలు కొలతలో ముప్పాతిక వంతుగా కనిపిస్తుంది, ఎందుకంటే 36ను 48తో భాగిస్తే ముప్పాతిక. గోడ పై మూల చుక్కకు ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ గీత మీద చుక్క నుంచి ఆరు సెంటీమీటర్ల దగ్గర వెనక మూల. మరీ దగ్గరికి, 12 అడుగులకు వచ్చి చూస్తే వెనక గోడ సగానికి తగ్గిపోయి గది సొరంగంలాగా కనిపిస్తుంది. ఇంటి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు వెనక్కి నిలబడితే కంటికి సరిపడుతుంది.

బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కింది అంతస్తులో ఎక్కడో ఒకచోట మనిషిని నిలబెట్టండి. ఐదడుగుల ఎత్తులో కళ్లున్న మనిషి ముందు నిలబడినా, వెనక గోడ దగ్గర నిలబడినా, కళ్లు ఆ అడ్డగీత మీదనే ఉండాలి. లేకుంటే ఎక్కడో తప్పు పడింది. ఇంకో సంగతి. కింది నుంచి చూస్తే పై గదుల కప్పు కనిపిస్తుంది గానీ నేల కనిపించదు. పైన మంచం ఎక్కడ పడుతుందో చూడాలంటే అడ్డగీతను పై అంతస్తుకు ఎత్తి మళ్లీ గీయాలి. రెండూ ఒకే బొమ్మలో అడిగితే కుదరదు.

మెట్ల లెక్కలో దొంగతనంగా దూరే పొరపాటు ఒకటి ఉంది, మన కడప బండల వాళ్లు వినాలి. మెట్లన్నీ ఆరంగుళాలకే పోత పోశారనుకోండి. ఆ తర్వాత హాల్లో బండలు, వాటి కింది గార కలిపి మూడంగుళాలు, మెట్ల మీద బండ ఒకటిన్నర అంగుళం వేశారు. మొదటి మెట్టు నాలుగున్నర అంగుళాలకు తగ్గిపోతుంది. పై అంతస్తులోనూ మూడంగుళాల నేల వేస్తారు కదా, చివరి మెట్టు ఏడున్నరకు పెరుగుతుంది. మధ్యవన్నీ ఆరంగుళాలే. రోజూ ఎక్కే కాలు అలవాటుగా ఆరంగుళాలే ఎత్తుతుంది, ఆ చివరి మెట్టు దగ్గర తట్టుకుంటుంది. నల్లగా నింపిన భాగంలో స్లాబు, గార, బండ మూడు పొరలూ వేరువేరుగా గీయించుకుంటే పోత పోసే ముందే పట్టుబడుతుంది.

ఈ బొమ్మలకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో పాల్ రుడాల్ఫ్ అనే ఆర్కిటెక్టు యేల్ యూనివర్సిటీలో 1963లో పూర్తయిన తన భవనాన్ని సిరా గీతలతో ఇట్లా కోసి గీసి పేరు తెచ్చుకున్నాడు. టోక్యోలో మొమొయో కైజిమా, ఆమె భర్త యోషిహారు సుకమోటో కలిసి నడిపే అతెలియే బౌ-వౌ సంస్థ 2007లో తాము కట్టిన ఇళ్లను ఇట్లా కోసి గీసిన బొమ్మలతో గ్రాఫిక్ అనాటమీ అనే పుస్తకం తెచ్చింది. కొలతలు, ఏ వస్తువుతో కట్టారన్నది బొమ్మలోనే రాసి ఉంటాయి.

ఇప్పుడు కంప్యూటరులో ఫోటోలాగా రంగులు, సోఫా, కుండీలో మొక్క పెట్టి ఇస్తున్నారు. చూడముచ్చటగా ఉంటుంది, మోసమూ అక్కడే. కోత ముఖం మీద కొలత ఒక్కటే నిజమైన కొలత. స్కేలు పెట్టి కొలిచి సెంటీమీటరుకు ఒక అడుగు చొప్పున లెక్క కట్టుకోవచ్చు, నమ్మవచ్చు. వెనక కనిపించే గోడనో తలుపునో స్కేలుతో కొలిస్తే తప్పే వస్తుంది. ఫోటోలాంటి బొమ్మ ఇస్తే, కోసిన చోట గోడ మందం, స్లాబు మందం, మెట్టు ఎత్తు, బండతో సహా నేల మట్టం అంకెల్లో రాసి ఉన్నాయేమో చూడండి. లేకపోతే అది గోడకు తగిలించుకునే పటం. మేస్త్రీకి పనికిరాదు.

మా చెల్లెలు బొమ్మను చాలాసేపు చూసింది. హాలు రెండున్నర అడుగులు తగ్గించుకోవడం దానికి ఇష్టం లేదు. "పండగకు మఠానికి వచ్చే చుట్టాలంతా హాల్లోనే పడుకుంటారక్కా" అంది. మెట్లు మొదట అనుకున్నట్టే ఉంచేసి, బాత్రూమ్‌ను వంటింటి వెనక్కి పంపి, మెట్ల కింద బియ్యం బస్తాలకు, మోటారు స్విచ్చుకు చోటిచ్చింది. నాలుగున్నర అడుగుల ఎత్తు బస్తాలకు బాగానే సరిపోతుంది. మెట్లకు సెంట్రింగు కట్టాక ఈ మార్పు చేయాలంటే విప్పి మళ్లీ కట్టాలి, కూలి డబ్బులు రెండుసార్లు పెట్టాలి. కాబట్టి మెట్ల కోత బొమ్మ చేతికొచ్చి, దాని మీద అంకెలు చదివాకే సెంట్రింగు వాళ్లకు కబురు పెట్టండి.