బీటల ఫొటో: తేదీ ఎక్కడ చూడాలి, ఎంతవరకు నమ్మాలి

ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్ అదురుకు గోడలు బీటలు వారాయన్న ఫిర్యాదులు సింగరేణి ఊళ్లకు కొత్త కాదు. మందమర్రిలో ఎవరైనా అలాంటి బీటను ఫోన్‌లో తీసి ఫిర్యాదుకు జతచేస్తే, ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: ఇది ఎప్పటి ఫొటో?

చేయవలసినవి

ఫొటో తీసిన ఫోన్‌లోనే అసలు ఫైలును అలాగే ఉంచండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కెమెరా రాసిన వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి.

ఆ వివరాలను కంప్యూటర్‌లో ఇలా చదవొచ్చు:

```
exiftool -a -s IMG_20240712_141022.jpg
```

ఉదాహరణకు, అందులో ఈ వరుసలు కనిపించాయనుకుందాం:

```
DateTimeOriginal : 2024:07:12 14:10:22
GPSDateStamp     : 2024:07:12
GPSTimeStamp     : 08:40:15
```

మొదటిది ఫోన్ గడియారం చెప్పిన టైమ్. జీపీఎస్ టైమ్ మన టైమ్ కంటే 5:30 గంటలు వెనక ఉంటుంది కాబట్టి కలిపి చూడండి: 14:10:15. రెండూ సరిపోయాయి. ఇంటి లోపల తీస్తే ఫోన్ పాత లొకేషన్‌నే వాడుకోవచ్చు, అందుకే కొన్ని నిమిషాల తేడా మామూలే. రెండు రోజుల తేడా ఉంటే మాత్రం అడగాల్సిందే. ఎవరో మొదటి తేదీ ఒక్కటే మార్చి ఉండొచ్చు, లేదా ఫోన్ గడియారమే తప్పు కావొచ్చు.

బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసి ఫొటో తీయండి. తర్వాతి బ్లాస్టింగ్ అయ్యాక అక్కడి నుంచే మళ్లీ తీయండి. బీట గీత దాటిందో లేదో ఈ జంట చూపినట్టు ఏ ఒక్క ఫొటో చూపలేదు.

చేయకూడనివి

వివరాలు లేనంత మాత్రాన ఫొటో నకిలీ అని తేల్చకండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినదాంట్లో అవి ఉండవు, స్క్రీన్‌షాట్‌లో కెమెరా వివరాలే ఉండవు. `IMG-20240714-WA0003.jpg` అనే పేరులోని తేదీ వాట్సాప్‌లో చేతులు మారిన రోజు, ఫొటో తీసిన రోజు కాదు. `Software` వరుసలో ఎడిటింగ్ యాప్ పేరు కనిపించినా, వెలుతురు పెంచారో బీటనే గీశారో అది చెప్పదు.

వివరాలన్నీ సరిగ్గా ఉన్నంత మాత్రాన ఫిర్యాదు నిజమైపోయిందనీ అనుకోకండి. పదేళ్ల నాటి బీటను ఇవాళ తీస్తే ఇవాళ్టి తేదీయే పడుతుంది. ఆ పని తెలిసినవాళ్లు పై మూడు వరుసలనూ మార్చగలరు. బీట దేనివల్ల వచ్చిందన్నది ఏ వరుసలోనూ ఉండదు.

ఫోన్ గడియారం తప్పుగా ఉందని ఫైల్లో తేదీ దిద్దకండి. ఆ సంగతి ఫిర్యాదులోనే రాయండి. దిద్దిన తేదీ నిజమైనదే అయినా, దిద్దినట్టు బయటపడితే మిగతా ఫొటోలనూ అనుమానిస్తారు.

లొకేషన్ ఉన్న అసలు ఫైలును గ్రూపుల్లో పెట్టకండి, మీ ఇల్లు ఎక్కడుందో అందరికీ చెప్పినట్టే. కోర్టుకు వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాస్తారు. ఆ విలువ లెక్కగట్టిన తర్వాత ఫైలు మారలేదని చూపుతుంది, అంతకుముందు ఏం జరిగిందో చెప్పదు. కాబట్టి దాన్ని ఫొటో తీసిన రోజే లెక్కగట్టి రాసిపెట్టుకోండి.