సంగీతం మాస్టారితో డబ్బు మాట

మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా పిల్లను వయొలిన్‌కు పంపేటప్పుడు పెద్దవాళ్లు అడిగేది ఒక్కటే: "నెలకెంత మాస్టారూ?" ఆ పైన అడగాలంటే మొహమాటం. గురువుగారి దగ్గర డబ్బు లెక్కలేమిటని ఊరుకుంటారు. మర్యాద అనుకునే ఆ మౌనమే తర్వాత మనస్పర్థలు తెస్తుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది, ఆ ఫీజు దేనికన్నది. జరిగిన క్లాసులకా, మన పిల్ల కోసం ఆయన అట్టిపెట్టిన గంటకా? ఒక ఉదాహరణ చూద్దాం. మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ఆరింటికి క్లాసు. నెలకు ఎనిమిది క్లాసులు, 1,200 రూపాయలు. అంటే క్లాసుకు 150. ఒక నెలలో పెళ్లికి వెళ్లి పిల్ల రెండు క్లాసులు మానింది, వారం ముందే చెప్పారు. జ్వరమొచ్చి ఇంకొకటి పోయింది, ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. మాస్టారు ఒకరోజు రాలేకపోయారు. జరిగినవి నాలుగే కాబట్టి 600 చాలని తల్లి లెక్క. తను ఏడుసార్లు సిద్ధంగా ఉన్నాను కాబట్టి 1,050 రావాలని ఆయన లెక్క. ముందు మాట్లాడుకోలేదు కాబట్టి ఇద్దరిదీ న్యాయమే.

నాకు సబబనిపించే పద్ధతి ఇది. ముందురోజు సాయంత్రంలోగా చెబితే బదులు క్లాసు ఇవ్వాలి, నెలకు రెండుకు మించకుండా. ఆ రోజే చెబితే క్లాసు జరిగినట్టే లెక్క, ఎందుకంటే ఆ గంటను ఆయన ఇంకొకరికి ఇచ్చుకోలేరు. మాస్టారు మానితే మాత్రం బదులు క్లాసైనా చెప్పాలి, 150 అయినా తగ్గించాలి. అప్పుడు పై ఉదాహరణలోని నెలకు ఫీజు 1,200, లేదంటే 1,050. ఐదు మంగళవారాలొచ్చే నెలలో తొమ్మిదో క్లాసును బదులు క్లాసుగా వాడుకుంటే ఇద్దరికీ వెసులుబాటు. వేసవిలో నెలంతా అమ్మమ్మగారింటికి వెళ్తే, ఆ గంట పోకుండా సగం ఫీజు ఇవ్వడం ధర్మం.

వర్షాధారపు సేద్యం మీద బతికే మన మార్కాపురం ప్రాంతంలో నెలనెలా కట్టలేని ఇళ్లున్నాయి. పంట డబ్బు వచ్చాక కడతామని మొదటిరోజే చెప్పుకోవడంలో నామోషీ లేదు. నాలుగు నెలలు తప్పించుకు తిరగడమే ఇద్దరికీ బాధ.

అన్నిటికన్నా నొప్పించేది, చెప్పకుండా మాన్పించడం. పిల్ల వస్తుందని మాస్టారు మూడు వారాలు ఆ గంట ఖాళీగా ఉంచుకుంటారు. మానాలనుకుంటే నెల ముందు చెప్పాలి. గుంపు క్లాసైతే పదిహేను రోజులు చాలు. ఆయన ఊరు మారుతున్నా అదే గడువు, ముందుగా తీసుకున్న ఫీజులో మిగిలింది తిరిగివ్వాలి.

1872 నాటి కాంట్రాక్టు చట్టం నోటిమాట ఒప్పందాన్నీ గుర్తిస్తుంది, కానీ తగాదా వచ్చినప్పుడు నిరూపించడం కష్టం. స్టాంపు కాగితం అక్కర్లేదు. ఫీజు, మానిన క్లాసులు, గడువు ఐదారు వాక్యాల్లో వాట్సాప్‌లో పెట్టి, "సరే" అని జవాబు తీసుకోండి. ఇప్పటికే క్లాసులు నడుస్తుంటే వచ్చే నెల ఫీజు ఇచ్చే రోజున అడగండి: "మాస్టారూ, ఇవి ఒకసారి అనుకుందామా?"